హోల్ టేబుల్‌లో 20 లోతు ఎవరిది: మరదా, డ్రిల్లుదా?

అనంతపురం_కొత్తవాడు: 25 మి.మీ. మందం గల ఉక్కు ప్లేటు డ్రాయింగు చేతికి వచ్చింది. మూలన ఉన్న హోల్ టేబుల్ ఇది. స్టోరుకు ఏ ఏ డ్రిల్లు బిట్లు రాసి పంపాలి?

```
A   M10x1.5 ↧20          6
B   Ø11 THRU ⌴Ø18 ↧11    4
C   Ø10 H7 THRU          2
D   Ø8.5 ↧12             4
```

నంద్యాల_లేతు: నాలుగు వరుసలు, నాలుగు బిట్లు: 8.5, 11, 10, మళ్ళీ 8.5. ఇందులో చర్చించవలసినది ఏముందో నాకు తెలియడం లేదు.

ఆదోని_స్టోరు: 8.5ను రెండుసార్లు రాసి పంపితే రెండు బిట్లు ఇచ్చి, సాయంత్రం ఒకటి వాడలేదని తిరిగి తీసుకోవలసినవాణ్ణి నేనే.

కడప_రేడియల్: నంద్యాల గారి జాబితాలో సగం సరైనదే, మిగిలిన సగం ప్లేటును పాడు చేస్తుంది. A వరుసలో M10 నుంచి పిచ్ 1.5 తీసివేస్తే 8.5 వస్తుంది, ఆ బిట్టే D వరుసలోని నాలుగు సాదా రంధ్రాలకూ పనికి వస్తుంది. అంటే ఒకే బిట్టుతో పది రంధ్రాలు, కానీ ట్యాపు వెళ్ళేది ఆరింటిలోనే. ప్లేటు మీద సుద్దతో A, D అని గుర్తు పెట్టకపోతే పదింటికీ మర కోసేసే ప్రమాదం ఉంది, నేను చూశాను కూడా.

C వరుసలో 10 బిట్టు దింపకూడదు. H7 అంటే ఆ రంధ్రం 10.000 నుంచి 10.015 లోపల ఉండాలి, మామూలు బిట్టు అంతకంటే పెద్దగా కోస్తుంది. 9.8 వేసి, తరువాత 10 H7 రీమరు దింపాలి. B వరుసలోని 11 ఒకటి వ్యాసం, మరొకటి 18 కౌంటర్ బోరు లోతు. M10 అలెన్ బోల్టు తల ఎత్తు 10 కనుక, అది ఒక మి.మీ. కిందికి దిగి కూర్చుంటుంది.

కనుక బిట్లు మూడే: 8.5, 9.8, 11. వాటితో పాటు 11 పైలటు గల 18 కౌంటర్ బోరు, రీమరు, M10 ట్యాపు సెట్టు. ఇక A వరుసలోని 20 దేని లోతో అడగకుండా మాత్రం మిషను ఆన్ చేయవద్దు.

తాడిపత్రి_పాలిష్: మా బండల పాలిష్ మిషను బేసు ప్లేటుకు రంధ్రాలన్నీ అడుగుకు తేలేలాగానే వేశారు. అడుగున చేరే రాతి బురద నీళ్ళు మరల్లోకి ఎక్కి ఏడాదిలో బోల్టులు తుప్పుతో కరుచుకుపోయాయి, గ్యాస్ కటింగు పెట్టి తీయించవలసి వచ్చింది. ఈ ప్లేటుకు కూడా అలాగే వేయమంటున్నారా?

అనంతపురం_కొత్తవాడు: లేదండీ, నేను అడిగింది బిట్ల గురించి. అయితే మా ప్లేటు కూడా బండల మిషనుకే వెళ్తుంది, A రంధ్రాలు అడుగుకు తేలకూడదని మేస్త్రీ చెప్పారు.

నంద్యాల_లేతు: అయితే 20 అంటే డ్రిల్లు లోతే, ఇంకేమిటి? డ్రిల్లు 20 దిగుతుంది, ట్యాపు వెళ్ళినంత వరకు వెళ్తుంది. పదహారు మి.మీ. పూర్తి మర దొరికితే M10 బోల్టుకు ధారాళంగా సరిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే, ఒక్క ప్లేటూ వెనక్కి రాలేదు.

కడప_రేడియల్: బోల్టుకు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న, డ్రాయింగు ఏమి చెబుతోంది అన్నది వేరే ప్రశ్న. M10 పక్కన రాసిన లోతు మర లోతు. రంధ్రం లోతు విడిగా ఇవ్వకపోతే మర లోతుకు 1.25 రెట్లు తీసుకోవాలని ISO 6410 చెబుతుంది. 20 ఇంటూ 1.25 ఎంతో మీరే లెక్క వేయండి.

అనంతపురం_కొత్తవాడు: 25. ప్లేటు మందం కూడా 25.

కడప_రేడియల్: అదే నా భయం. రంధ్రం లోతును పూర్తి వ్యాసం ఉన్న చోటి వరకే కొలుస్తారు, బిట్టు మొన దానికి అదనం. 118 డిగ్రీల మొనకు వ్యాసంలో పదింట మూడు వంతులు, అంటే 8.5కు సుమారు 2.5 మి.మీ. ట్యాపు కొనలోని మొదటి రెండు మూడు మరలు పూర్తిగా కోయవు, అక్కడ 4 మి.మీ. దాకా పోతుంది. కనుక 20 నిండు మర కావాలంటే బిట్టు అడుగున బయటికి రాక తప్పదు. మీరన్నట్టు డ్రిల్లు 20 అనుకుంటే మొన 22.5 వద్ద ఆగి, కింద రెండున్నర మి.మీ. మిగులుతుంది. రెండు అర్థాలు, రెండు వేరు వేరు ప్లేట్లు.

ఆదోని_స్టోరు: ఏ అర్థమైనా బిట్టు 8.5యే కదా. జాబితా పంపండి, మిగతాది మీరు తేల్చుకోండి.

డ్రాయింగు_బల్ల: నేను డ్రాయింగు గీసే పనిలో ఉన్నాను. పట్టికలో అన్నీ రాస్తే చదవరు, క్లుప్తంగా రాస్తే అర్థం కాలేదంటారు. మర పక్కన లోతు మర లోతని ఐటీఐలో మొదటి ఏడాదిలోనే చెబుతారు.

నంద్యాల_లేతు: ఐటీఐ మాట ఎత్తారు కనుక చెబుతున్నాను. ఒకసారి ఇలాంటి పట్టికనే మర లోతుగా చదివి, అడుగు వరకు ట్యాపు దింపాను. చిప్పులు అడుగున బిగుసుకుని ట్యాపు విరిగింది, దాన్ని తీయడానికి వెళ్ళిన స్పార్కు మిషను ఖర్చు నా జీతంలో కోశారు. డ్రాయింగు గీసినవారికి ఒక్క రూపాయి పోలేదు. అంతకు ముందు రోజు వెళ్ళి అడిగితే, ఇన్నేళ్ళ అనుభవం ఉండి ఇది కూడా తెలియదా అన్నారు. అందుకే నాకు క్షేమంగా ఉండే అర్థాన్నే తీసుకుంటాను. మీ ISO నంబరు నా జీతం వెనక్కి ఇస్తుందా?

కడప_రేడియల్: జీతం కోయడం అన్యాయమే, అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. కానీ మీకు క్షేమమైన అర్థం బోల్టుకు కూడా క్షేమమని ఎలా చెప్పగలరు? అదే పట్టిక 40 మందం ప్లేటు మీద ఉంటే మీరు నాలుగు మి.మీ. మర తక్కువ ఇచ్చి, పొడవైన బోల్టు మధ్యలోనే బిగుసుకునేలా చేసేవారు.

డ్రాయింగు_బల్ల: అడిగినవారిని ఎద్దేవా చేయడం తప్పు. కానీ అడగకుండా ఊహించి కోయడం అంతకంటే పెద్ద తప్పు.

నంద్యాల_లేతు: రెండో తప్పుకు మాత్రమే జరిమానా ఉంటుంది, గమనించారా?

అనంతపురం_కొత్తవాడు: ఈ రోజు ఫోను చేసి అడిగాను. మొదట ప్లేటు మందం 32 అట. బరువు తగ్గించడానికి 25 చేశారు, పట్టికను మార్చడం మరిచారు. ఇప్పుడు మర 16, డ్రిల్లు 20 అని చెప్పారు.

నంద్యాల_లేతు: డ్రిల్లు 20! మొదటి రోజే నేను చెప్పలేదా?

కడప_రేడియల్: మీరు చెప్పిన అంకె కలిసింది, కారణం కలవలేదు. 32 మందం నాటి డ్రాయింగు అయితే 25 వేయవలసి వచ్చేది, మీరు అప్పుడూ 20 వద్దే ఆపేవారు. అనంతపురం గారూ, ఆ మాట ఫోనులోనే ఉండిపోయిందా, డ్రాయింగు మీద దిద్ది సంతకం చేసి పంపారా?

అనంతపురం_కొత్తవాడు: ఇంకా పంపలేదండీ. B, C, D రంధ్రాలు ఈ పూట వేసేస్తున్నాము, A దగ్గర ఆపాము. D నాలుగింటి చుట్టూ సుద్దతో గీతలు గీశాను.

ఆదోని_స్టోరు: 9.8 బిట్టు స్టోరులో లేదు, 9.7 ఉంది. రీమరుకు అది నడుస్తుందా?