ఏడు రెట్ల వాల్యూమ్‌తో పడింది: ఇదేనా బాటమ్?

గాజువాక_స్వింగ్: పద్నాలుగు నెలలుగా పడుతున్న షేరు ఒకటి నా దగ్గర ఉంది. నిన్న మామూలు రోజుకి ఏడు రెట్ల వాల్యూమ్‌తో 11 శాతం పడి, సాయంత్రానికి సగం తేరుకుంది. అందరూ చేతులెత్తేసినట్టేనా? ఇంకొంచెం కొనొచ్చా?

ద్వారకానగర్_చార్ట్స్: కొనేయ్ అన్నా. అంతకాలం పడ్డాక అంత వాల్యూమ్ వచ్చిందంటే భయపడ్డవాళ్లంతా బయటికెళ్లిపోయినట్టే. అమ్మేవాడే లేకపోతే ఇంకెలా పడుతుంది? చార్టులో కింద పెద్ద విక్ కూడా ఉంది, అంటే బాగా పడి లేచిన గీత. 2020 మార్చిలో సర్క్యూట్ పడ్డ రోజు నిఫ్టీ కొన్నవాడికి ఏడాదిలో దాదాపు రెట్టింపయింది.

సీతమ్మధార_మాస్టారు: ఏ సర్క్యూట్ రోజు బాబూ? ఆ మార్చిలో రెండున్నాయి.

13వ తేదీ శుక్రవారం నిఫ్టీ తెరిచిన కాసేపటికే 10 శాతం పడింది, ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు. ఆ ఉదయం మా బ్రోకర్ ఆఫీసులో అందరి చేతుల్లో టీ గ్లాసులున్నాయి, ఒక్కరూ తాగలేదు. 8555 దాకా దిగిన నిఫ్టీ 9955 దగ్గర ముగిసింది. నువ్వు చెప్పే విక్ అంటే అదీ! మావాళ్లు చాలామంది ఆ మధ్యాహ్నమే కొన్నారు. తర్వాత మూడో సెషన్‌లో, 18న, ఆ 8555 కాస్తా పోయింది. 23న రెండో సర్క్యూట్, ఆ ఒక్కరోజే 13 శాతం. 24న 7511 తాకింది.

వాల్యూమ్ పెద్దదంటే అమ్మినన్ని షేర్లూ ఎవరో కొన్నారనే కదా. ఆ కొన్నవాళ్లు ఎవరన్నది ముఖ్యం. రెండు రోజుల బౌన్స్ కోసం కొన్నవాడైతే, వాడే రేపు అమ్మేవాడు. అందుకే నేను పెద్ద రోజుని చూసి కొనను. ధర మళ్లీ కిందికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూస్తాను. తక్కువ వాల్యూమ్‌తో వచ్చి పాత అడుక్కి పైనే ఆగిపోతే అమ్మకం అయిపోయిందనుకుంటాను. మళ్లీ భారీ వాల్యూమ్‌తో ఆ అడుగు తెగితే, మొదటిది మధ్యలో ఊపిరి తీసుకోవడమే. 2020లో ఏప్రిల్ 3న నిఫ్టీ మళ్లీ జారి 8083 దగ్గర ముగిసింది, 7511 దరిదాపులకి రాలేదు.

హార్బర్_బోటు: మాది చేపల వ్యాపారం మాస్టారూ. ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ అయిపోతే వచ్చిన రేటుకి వదిలించుకుంటాం. అప్పు మీద కొన్నవాడికి మార్జిన్ కాల్ వచ్చి, డబ్బు కట్టలేక షేర్లు అమ్ముకోవడం అలాంటిదేగా? నేనైతే ఇలాంటి పెద్ద వాల్యూమ్ రోజుల్లో తక్కువ ధరకి ఇంకొన్ని కొని ఒకే షేరుని నాలుగుసార్లు యావరేజ్ చేశాను. నాలుగూ బాటమ్‌లే అనుకున్నాను. ఇప్పుడు అందులోంచి ఎలా బయటపడాలి?

ఎంవీపీ_రమ్య: మీ ఐస్ మాట బాగుంది బాబాయ్. కానీ ఐస్ లేక అమ్మిన చేప వేరు, చేపే చెడిపోతే అమ్మడం వేరు. 2019 అక్టోబర్ 1న యెస్ బ్యాంక్ షేరు అలాగే పడింది. ఒక పెద్ద వాటాదారు తాకట్టు పెట్టిన షేర్లని అప్పిచ్చినవాళ్లు అమ్మేశారు, ఒక్కరోజులో ఇరవై శాతం పైనే పోయి 30 రూపాయల చుట్టూ తిరిగింది. బలవంతపు అమ్మకం అయిపోయాక నెలాఖరుకి 70 దాటింది. చార్ట్ చూస్తే అచ్చమైన బాటమే. 2020 మార్చి 5న ఆర్‌బీఐ అడిగితే కేంద్రం మారటోరియం పెట్టి, ఖాతాల్లోంచి డబ్బు తీయడానికి పరిమితి విధించింది, మర్నాడు షేరు 5 రూపాయల 55 పైసలు తాకింది! అమ్మకం అయిపోయిన మాట నిజమే, బ్యాంకు జబ్బు మాత్రం అలాగే ఉంది. ఇండెక్స్‌లో చూసినట్టు ఒక్క షేరులో చూడకూడదు.

ద్వారకానగర్_చార్ట్స్: సరే, 13వ తేదీ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ మాస్టారూ, మీరు చెప్పిన పరీక్ష అయ్యేదాకా ఆగితే నిఫ్టీ ఏప్రిల్ 7కల్లా 8800 దగ్గరుంది. 1200 పాయింట్లకి పైగా పోయినట్టేగా? పైగా 23నే అమెరికా ఫెడ్ ఎంత కావాలంటే అంత బాండ్లు కొంటామంది. నిలబెట్టింది వాల్యూమా, ఫెడ్డా?

సీతమ్మధార_మాస్టారు: 1200 పోయింది, నిజమే. నేను దాన్ని ఫీజనుకుంటాను, నువ్వు నష్టమంటావు. ఫెడ్ లేకపోతే 7511 నిలిచేదా అంటే నా దగ్గర జవాబు లేదు. గాజువాక తమ్ముడూ, నిన్నటి డెలివరీ శాతం చూశావా? ఎన్‌ఎస్‌ఈ సాయంత్రం పెడుతుంది.

గాజువాక_స్వింగ్: ఇప్పుడే చూశానండి. మామూలుగా 45 దాకా ఉండేది, నిన్న 16.

సీతమ్మధార_మాస్టారు: అంటే వందలో 84 షేర్లు అదే రోజు కొని అమ్మేసినవాళ్లవే. నీలాగా పద్నాలుగు నెలలు మోసినవాళ్లు ఇంకా చాలామంది లోపలే ఉన్నారేమో. నిన్నటి లో దగ్గర గీత గీసి పెట్టుకో, దాని దగ్గరికి మళ్లీ వచ్చిన రోజు వాల్యూమ్ ఇక్కడ పెట్టు.

హార్బర్_బోటు: నా నాలుగు యావరేజ్‌ల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎంవీపీ_రమ్య: ఐదోది మాత్రం చేయకండి బాబాయ్. కంపెనీ పేరు, అప్పు ఎంతుందో రాయండి, రాత్రికి చూసి చెప్తాను.