అప్‌డేట్: 1.33ని 1 చేసేశాను, అదే తప్పు

నా ప్రశ్న: "ఒక సమ్మేళనంలో కార్బన్ 40.92, హైడ్రోజన్ 4.58, ఆక్సిజన్ 54.50 శాతం. అణుభారం 176. దాని అణు ఫార్ములా నాకు C6H6O6 వస్తోంది, జవాబు అది కాదంటున్నారు. ఎందుకు?"

దొరికింది! పలాస నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులో నోట్సు మళ్లీ తీశాను. 100 గ్రాములనుకుని పరమాణు భారాలతో భాగిస్తే 3.41, 4.54, 3.41 మోల్స్. చిన్నదానితో భాగిస్తే 1 : 1.33 : 1. ఆ 1.33ని నేను 1కి దించేసి CHO అనేశాను. 176ని 29తో భాగిస్తే 6.07 వచ్చింది, 6కి దగ్గరే కదా అని అనుమానమే రాలేదు. అక్కడే బోల్తా పడ్డాను.

1.33 అంటే 4/3. కాబట్టి అన్నింటినీ 3తో గుణించాలి: C3H4O3, భారం 88. 176 దానికి సరిగ్గా రెట్టింపు, కాబట్టి C6H8O6. ఉసిరికాయలో ఉండే విటమిన్ సి ఇదేనట!

వెనక్కి లెక్కేసి చూశాను. నా C6H6O6లో హైడ్రోజన్ 3.5 శాతమే వస్తోంది, ఇచ్చింది 4.58. ఈ పని ముందే చేసుంటే ఇక్కడ అడిగేదాన్నే కాదు.