ఉబ్బసం కేస్ స్టడీ: పిల్లికూతలు పెరిగితే తల్లికి ఎలా వివరించాలి?

అమలాపురంలో నర్సింగ్ చదువుతున్నాను. నా కేస్ స్టడీ 6 ఏళ్ల బాబుది. వరి నూర్పిడి దుమ్ముకు ఆయాసం వచ్చింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, ఒక్కో మాటకూ ఆగుతున్నాడు, ఆక్సిజన్ 91 శాతం. స్టెతస్కోపులో గాలి చప్పుడే సరిగా లేదు. నన్ను ఎక్కువ కంగారుపెట్టింది అదే.

ఆక్సిజన్ పెట్టి, స్పేసర్‌తో సాల్బుటమాల్ 20 నిమిషాలకోసారి ఇచ్చాక పిల్లికూతలు పెరిగాయి. బాబు మాత్రం పూర్తి వాక్యాలు మాట్లాడాడు. మూసుకున్న గొట్టాల్లోకి గాలి వెళ్తోందన్నమాట. తల్లి మాత్రం మందు పడలేదని భయపడి స్పేసర్ తీసేయబోయింది.

అందుకే ఇంట్లో చప్పుడు ఒక్కదాన్నే నమ్మకుండా పక్కటెముకలనూ మాటనూ గమనించమని నేర్పాలనుకుంటున్నాను. కూతలు ఆగినా ఆయాసం తగ్గకపోతే అది ప్రమాదమని, వెంటనే ఆసుపత్రికి రావాలని చదువు రాని నానమ్మకు కూడా అర్థమయ్యేలా మీరు ఎలా చెబుతారు? ఆమెకు అర్థమైందని ఎలా పరీక్షిస్తారు?