నా వంద షేర్లను నాకు అమ్మినది ఎవరు?

మాధవి, డాలస్:
అందరికీ నమస్కారం. నేను ఈ దేశానికి వచ్చి ఏడు నెలలు అయింది. కమీషన్ తీసుకోని ఒక యాప్‌లో మొన్న ఒక కంపెనీ షేర్లు వంద కొన్నాను. ఆ సమయంలో తెర మీద కొనేవారి ధర 50.00 డాలర్లు, అమ్మేవారి ధర 50.04 అని ఉంది. నాకు మాత్రం 50.035 చొప్పున వచ్చాయి. అర సెంటు ఎందుకు తగ్గిందని తోటి ఉద్యోగిని అడిగితే, నా ఆర్డరు ఎవరు ఎంత కొంటున్నారో బయటికి కనిపించని డార్క్ పూల్ అనే చోటికి వెళ్లిందనీ, అక్కడ యంత్రాలతో రెప్పపాటులో కొని అమ్మే హై ఫ్రీక్వెన్సీ వారు నాకంటే ముందు కొని నాకే అమ్ముతారనీ చెప్పారు. ఇంతకీ అవతలి వైపు ఉన్నది ఎవరు?

కిరణ్, ఫ్రీమాంట్:
మీ సహోద్యోగి చెప్పినది నిజమే. ఎక్స్ఛేంజీల సర్వర్లన్నీ న్యూజెర్సీలోనే ఉన్నాయి, ఆ కంపెనీలు తమ యంత్రాలను వాటి పక్కనే అద్దెకు పెట్టుకుంటాయి. మీరు బటన్ నొక్కగానే వాళ్లు చూసి ముందుగా కొనేస్తారు. సామాన్యుడికి అక్కడ చోటు లేదు.

సుబ్బారావు, ఎడిసన్:
అమ్మా మాధవీ, మన ఊళ్లో దీన్ని డబ్బా ట్రేడింగ్ అనేవారు. ఎక్స్ఛేంజీకి పంపకుండా బ్రోకరు తన పుస్తకంలోనే రాసుకుని లెక్క తేల్చేవాడు. పోలీసులు వచ్చి తాళం వేసేవారు. అలాంటి చోట డబ్బు ఉంచకు, వెంటనే తీసేసుకో.

ప్రసాద్, జెర్సీ సిటీ:
సుబ్బారావు గారూ, డబ్బాలో షేరు చేతులు మారదు, ధర మీద పందెం మాత్రమే నడుస్తుంది. మాధవి గారి షేర్లు నిజంగానే ఆమె ఖాతాలోకి వచ్చాయి, ఆ లావాదేవీ ఎక్స్ఛేంజీ బయట జరిగినా అదే రోజు టేపు మీద, అంటే అందరికీ కనిపించే లావాదేవీల జాబితాలో, నమోదైంది. కాబట్టి భయం అక్కరలేదు. నేను పన్నెండేళ్లు ఒక ట్రేడింగ్ డెస్కు మీద పనిచేశాను, తెలిసినంత చెబుతాను.

మాధవి గారూ, మీ ఆర్డరు బహుశా డార్క్ పూల్‌కు వెళ్లి ఉండదు. యాప్‌లలో పెట్టే మార్కెట్ ఆర్డర్లు, అంటే అప్పుడు దొరికిన ధరకే కానివ్వమనే ఆర్డర్లు, ఎక్కువగా సిటడెల్ సెక్యూరిటీస్, వర్చు వంటి హోల్‌సేలర్లకు చేరతాయి. వీరూ హై ఫ్రీక్వెన్సీ వ్యాపారులే, కానీ మీ ముందు పరుగెత్తి మరొకరి దగ్గర కొనరు. తమ సొంత డబ్బుతో నేరుగా మీకే అమ్ముతారు. మీకు 50.035కు అమ్మిన వంద షేర్లను కాసేపటికి ఎవరి దగ్గరో 50.01కి కొనగలిగితే వారికి మిగిలేది రెండున్నర డాలర్లు. మీకు తగ్గించిన అర సెంటు, అంటే వంద షేర్లకు యాభై సెంట్లు, ఎక్స్ఛేంజీలో దొరికే 50.04 కంటే మెరుగు. మీ ఆర్డరును తమకు పంపినందుకు చాలా యాప్‌లకు హోల్‌సేలరు మరికొంత ఇస్తాడు. కమీషన్ లేకపోవడానికి అది ఒక కారణం.

మీ ఆర్డరుకు డబ్బు ఇచ్చి మరీ ఎందుకు తీసుకుంటారంటే, వంద షేర్లు కొనే మనిషికి రేపటి ధర గురించి ప్రత్యేకంగా ఏమీ తెలియదు (క్షమించాలి, నాకూ తెలియదు). మీకు అమ్మిన మరుక్షణం ధర పైకి ఎగిరే ప్రమాదం తక్కువ. అదే ఇరవై లక్షల షేర్లు కొనవలసిన పింఛను నిధికి మొదటి లక్ష అమ్మిన వ్యాపారి, మిగతా పంతొమ్మిది లక్షల ఒత్తిడికి ధర పెరిగి నష్టపోతాడు. కిరణ్ గారు చెప్పిన పరుగుపందెం ఇక్కడ జరుగుతుంది. నిధి ఆర్డరును ముక్కలు చేసి పంపుతుంది, మొదటి ముక్క ఒక ఎక్స్ఛేంజీలో అమలు కాగానే వేగం ఉన్నవారు ఆ జాడ పట్టి, మిగతా ముక్కలు వేరే ఎక్స్ఛేంజీలకు చేరేలోపు అక్కడ ధర మార్చేస్తారు.

ఆ జాడ కనపడకుండా ఉండేందుకే డార్క్ పూల్. అందులో ఎవరు ఎంత కొనదలచారో అమలయ్యేదాకా బయటికి తెలియదు, ధర సాధారణంగా రెండు ధరల మధ్యలో, మీ ఉదాహరణలో 50.02 దగ్గర, కుదురుతుంది. అంటే మాధవి గారూ, డార్క్ పూల్‌తో మీకు సంబంధం ఉంటే అది మీ యాప్ ద్వారా కాదు, మీ ఆఫీసులో రిటైర్మెంటు కోసం దాచుకునే 401కేలోని ఫండు ద్వారా.

కిరణ్, ఫ్రీమాంట్:
నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. అయితే ఆ పూల్‌లో హై ఫ్రీక్వెన్సీ వారు ఉండరా?

ప్రసాద్, జెర్సీ సిటీ:
ఉంటారు, అసలు గొడవ అక్కడే వచ్చింది. మధ్య ధరను పూల్ బయటి ఎక్స్ఛేంజీల ధరల నుంచి లెక్కగడుతుంది. బయట ధర మారిన సంగతి పూల్‌కు ఒక మిల్లీ సెకను ఆలస్యంగా తెలిస్తే, ముందే తెలిసినవాడు పాత ధరకు కొనేసి బయట అమ్ముకుంటాడు, నష్టం నిధికి. బార్‌క్లేస్ బ్యాంకు తన ఎల్‌ఎక్స్ అనే పూల్‌లో దూకుడుగా వ్యాపారం చేసేవారిని గుర్తించి వర్గాలుగా విడదీస్తామని, వారిని దూరంగా ఉంచుకోవచ్చని ఖాతాదారులకు చెప్పింది. కానీ అలాంటి వారిలో కొందరిని తానే తక్కువ దూకుడు వర్గాలలోకి మార్చింది. న్యూయార్క్ అటార్నీ జనరల్ 2014లో దావా వేశారు. 2016 జనవరిలో ఆ సంస్థ తప్పు ఒప్పుకుని, షేర్ల మార్కెట్లను నియంత్రించే ఎస్‌ఈసీకి, రాష్ట్రానికి కలిపి 7 కోట్ల డాలర్లు కట్టింది. పూల్ లోపల ఏం జరుగుతోందో బయటివారికి కనిపించకపోవడం దాని ప్రయోజనం, ప్రమాదం కూడా.

లలిత, షార్లెట్:
నా అనుభవం వేరు. పెద్దగా చేతులు మారని ఒక ఈటీఎఫ్‌కు రాత్రి పడుకునే ముందు మార్కెట్ ఆర్డరు పెట్టాను. పొద్దున 9.30కి మార్కెట్ తెరవగానే క్రితం రోజు ముగింపు కంటే రెండు శాతం పైన అమలైంది, పది నిమిషాల్లో ధర మళ్లీ కిందికి వచ్చింది. ఇది హై ఫ్రీక్వెన్సీ వారి పనేనా?

ప్రసాద్, జెర్సీ సిటీ:
లలిత గారూ, కుట్ర లేకుండానే ఇలా జరుగుతుంది. తెరిచిన తొలి నిమిషాల్లో పలచగా నడిచే షేర్లకు కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య దూరం చాలా ఎక్కువ, ఆ దూరం ఎంతైనా ఇస్తానని మీ మార్కెట్ ఆర్డరు ముందే ఒప్పుకుంది. గరిష్ఠ ధర రాసిన లిమిట్ ఆర్డరు, అదీ పావుగంట ఆగి పెట్టి ఉంటే, మహా అయితే అమలు కాకుండా ఉండేది. మాధవి గారికి మిగిలిన అర సెంటు కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద లెక్క.

కిరణ్, ఫ్రీమాంట్:
ఒక అనుమానం మిగిలింది. నిధులకు 50.02 దొరుకుతుంటే, మాధవి గారికి 50.035 ఇచ్చి "మెరుగు" అని చెప్పుకోవడం న్యాయమేనా?

ప్రసాద్, జెర్సీ సిటీ:
సరైన చోట పట్టుకున్నారు. చిన్నవారి ఆర్డర్లను ముందుగా వేలంలో పెట్టి హోల్‌సేలర్లను పోటీపడనివ్వాలని ఎస్‌ఈసీ 2022 డిసెంబరులో ప్రతిపాదించింది, 2025లో దానిని ఉపసంహరించుకుంది. మధ్య ధరకు అమ్మేవాడు ఆ క్షణంలో దొరుకుతాడన్న హామీ లేదని ఒక పక్షం, దొరుకుతాడేమో అడిగి చూడనివ్వలేదు కదా అని మరో పక్షం. నేను ఆ డెస్కు మీద కూర్చున్నప్పుడు మొదటి మాట అనేవాడిని, ఇప్పుడు రెండో దాని వైపు కొంత మొగ్గుతున్నాను.

మాధవి గారూ, మీ సంగతి ఊహతో తేల్చుకోనక్కరలేదు. రూల్ 606 కింద మీరు అడిగితే, గత ఆరు నెలలలో మీ ఆర్డర్లను ఏయే చోట్లకు పంపినదీ బ్రోకరు చెప్పి తీరాలి. యాప్‌లోని చాట్‌లో ఆ రూల్ నంబరు రాసి అడగండి.

మాధవి, డాలస్:
ప్రసాద్ గారూ, అడిగాను. చాట్‌లో ఉన్న మనిషికి మొదట అర్థం కాలేదు, నంబరు రెండోసారి రాశాక వేరే విభాగానికి పంపారు. నాలుగు రోజుల తర్వాత జాబితా వచ్చింది. పదకొండు ఆర్డర్లలో తొమ్మిది మీరు చెప్పిన ఇద్దరికే వెళ్లాయి, ఆ వంద షేర్లది కూడా. మిగిలిన రెండింటి ఎదుట ఉన్న పేర్లు నేను ఎప్పుడూ వినలేదు, రేపు ఇక్కడ పెడతాను.