సారు వీడ్కోలు స్లైడ్ షో: ఫొటోలు, కింద రాతలు, ఏళ్ల వరుస

పద్మ (డల్లాస్): అందరికీ నమస్తే. జులై 18 శనివారం మన సంఘం హాల్లో సారు సన్మానం. సారు జూన్ 30న హన్మకొండలో రిటైర్ అయి, ఆ తర్వాతి వారమే బిడ్డ దగ్గరికి డల్లాస్ వస్తున్నారు. స్లైడ్ షో పని నేను తీసుకున్నాను. సమ్మయ్య అక్కడ ఫొటోలు పోగేస్తున్నాడు, హాల్లో ప్రొజెక్టరు సంగతి రాజిరెడ్డన్న చూస్తారు. ఫొటోలు రావడానికి ఆఖరి రోజు జులై 4. ఎనిమిది నిమిషాలకు మించి వద్దు. ఇప్పటికే రెండు వందల పైన ఫొటోలు వచ్చాయి, సగానికి పైగా వాటికి ఏడు తెలియదు, ఊరు తెలియదు. ముందు ఆ పని తేలాలి.

రాజిరెడ్డి (డల్లాస్): పద్మా, ఒక డౌటు. సారు 1965లో పుట్టారు అన్నావు. టీచర్లు 58కి కదా రిటైర్ అయ్యేది? ఆ లెక్కన 2023లోనే అయిపోవాలి. మొదటి స్లైడ్‌లోనే తప్పు పడితే బాగుండదు.

సమ్మయ్య (హన్మకొండ): అన్నా, 2021లో తెలంగాణలో 61 చేసిండ్రు. సారుది జూన్ పుట్టుక, అందుకే ఈ జూన్ ఆఖరు రోజు.

రాజిరెడ్డి: అట్లనా. మా నాయన 58కే దిగిండు, ఆ లెక్కే మనసులో ఉంది.

పద్మ: ఏళ్ల వరుస ఎట్లా కడుతున్నానో చెప్తాను. ఫొటోలు ముందేసుకుని ఇది పాతది, ఇది కొత్తది అని పేరిస్తే దారి తప్పుతాం. సారు ఏ బడిలో ఎప్పుడు జాయిన్ అయ్యారు, ఎప్పుడు రిలీవ్ అయ్యారు అన్న తేదీలు ముందు రాసుకోవాలి. అవి సర్వీస్ రిజిస్టర్‌లో ఉంటాయి. రిజిస్టర్ పేజీల ఫొటోలు ఎవరూ పంపొద్దు, అందులో సారు సొంత వివరాలు చాలా ఉంటాయి. సమ్మయ్య సారునే అడిగి తేదీలు మాత్రం రాసి పంపాడు. 1989లో ఏటూరునాగారం వైపు మొదటి పోస్టింగ్. 1998 నుంచి పరకాల వైపు రెండు ఊళ్లు. 2012లో ములుగు. 2018 జులైలో బదిలీ మీద హన్మకొండ, అక్కడే రిటైర్మెంట్. ఈ నాలుగు గడుల్లో ఏదో ఒకదాంట్లో ప్రతి ఫొటో కూర్చోవాలి. కూర్చోనిది ఉంటే దాన్ని పక్కన పెట్టి అడుగుదాం. ఊహించి ఏడు రాయొద్దు.

శ్రీనివాస్ (ఆస్టిన్): అక్కా, ఇంత కష్టం ఎందుకు? ఫైల్ పేరులోనే తేదీ ఉంది కదా. జెండా వందనం ఫొటో చూడు, IMG-20190126-WA0014. అంటే 2019 జనవరి 26. పేరు ప్రకారం సార్ట్ చేస్తే వరుస అదే వస్తుంది.

పద్మ: శ్రీనివాస్, కెమెరాలోంచి నేరుగా వచ్చిన ఫైల్ అయితే నువ్వన్నది చాలావరకు నిజమే. కానీ పేరు చివర WA ఉందంటే అది వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, ఆ తేదీ వాట్సాప్‌లో చేతులు మారిన రోజుది. తీసిన తేదీ ఫొటో లోపల దాగి ఉంటుంది, మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని తీసేస్తుంది, సైజు కూడా తగ్గిస్తుంది. రిపబ్లిక్ డే నాడు ఎవరో పాత ఫొటో గుర్తు చేసుకుని గ్రూపులో పెట్టి ఉంటారు. 2019 జనవరికి సారు హన్మకొండలో ఉన్నారు, ఈ ఫొటోలో వెనక కనపడేది ములుగు బడి.

శ్రీనివాస్: సరే, అయితే బోర్డు చూద్దాం. జూమ్ చేస్తే "జయశంకర్ భూపాలపల్లి జిల్లా" అని ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. కాబట్టి ఫొటో ఆ రెండింటి మధ్యది, పక్కా.

పద్మ: బోర్డు చూడటం మంచి పని. అయితే అది ఒక వైపే పక్కాగా చెప్తుంది. కొత్త పేరు రాసి ఉందంటే ఆ పేరు రాకముందు తీసిన ఫొటో కాదు, కాబట్టి 2016 అక్టోబరుకు ముందుది కాదు. ఇటు వైపు మాత్రం బోర్డును నమ్మలేం, జిల్లా మారిన రోజే ఎవరూ రంగు డబ్బా పట్టుకుని రారు, పాత పేరు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వరంగల్ రూరల్ జిల్లాకు 2021లో వరంగల్ జిల్లా అని పేరు మార్చారు. కాబట్టి నర్సంపేట వైపు ఏ బడి ముందైనా "వరంగల్ జిల్లా" అని కనపడితే అది 2016కు ముందుది కావచ్చు, 2021 తర్వాతిది కూడా కావచ్చు.

ఈ ఫొటోకు రెండో హద్దు సారు బదిలీ నుంచి వస్తుంది. 2018 జులైలో రిలీవ్ అయ్యారు. ఇక మిగిలింది 2016 అక్టోబరు నుంచి 2018 జులై దాకా. అందులో రిపబ్లిక్ డే, ఆగస్టు 15 కలిపి జెండా పండుగలు మూడే: 2017 జనవరి 26, 2017 ఆగస్టు 15, 2018 జనవరి 26. ఇప్పుడు ఫొటోలో నేల చూడండి. గ్రౌండ్ అంతా తడి, అంచున గడ్డి పచ్చగా మొలిచి ఉంది, ఒక పిల్ల చెప్పులు బురదలో దిగాయి. మన దగ్గర జనవరిలో నేల అట్లా ఉండదు. అందుకే 2017 ఆగస్టు 15 అనుకుంటున్నాను. కానీ తర్వాతి ఏళ్లలో సారును అతిథిగా పిలిచి ఉంటే నా లెక్క మొత్తం పోతుంది. సమ్మయ్యా, ముందు వరుసలో జెండా పట్టుకున్న అమ్మాయి ఎవరో కనుక్కుంటావా?

సమ్మయ్య: కనుక్కున్న అక్కా. ఆ అమ్మాయి ఇప్పుడు హన్మకొండలోనే ఉంది. ఫొటో చూపిస్తే నేను టెన్త్‌లో ఉన్నప్పటిది అన్నది. 2018 మార్చిలో టెన్త్ పరీక్షలు రాసిందట.

పద్మ: అయితే సరిపోయింది. కింద రాత: "ములుగు, 2017 ఆగస్టు 15. జెండా వందనం తర్వాత టెన్త్ పిల్లలతో సారు." అంతే చాలు. ఆ అమ్మాయి పేరు వేయాలంటే తనను ఒక మాట అడుగు.

మేడారం జాతర ఫొటోలు మూడు వచ్చాయి. జాతర రెండేళ్లకోసారి, సరి సంఖ్య ఏళ్లలో వస్తుంది కాబట్టి వాటికి ఏడు దొరకడం కొంచెం తేలిక. ఒకదాంట్లో అందరికీ మాస్కులు ఉన్నాయి, అది 2022ది. మిగతా రెండింటికీ ఇంకా ఆధారం లేదు. అవి "మేడారం జాతరలో" అని మాత్రమే వెళ్తాయి.

స్వప్న (హ్యూస్టన్): పద్మక్కా, ఆల్బం నుంచి ఫొటోలు ఎట్లా తీయాలి? మా అమ్మది పెళ్లి ఆల్బం, పైన ప్లాస్టిక్ కాగితం అంటుకుపోయింది, లాగితే ఫొటో రంగు కూడా లేస్తోంది. మా అమ్మ ఒకటే ఏడుపు.

పద్మ: స్వప్నా, ఇంక లాగకు. అట్లాగే పేజీ మీదే ఫొటో తీయి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, పైనుంచి ఫోన్ సమంగా పట్టుకో. ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైటు మెరుస్తుంటే లైటు ఆపేయి. సారు ఆల్బంలోనూ ఇట్లాంటి పేజీలు ఉన్నాయి, సమ్మయ్య కూడా ఇట్లాగే చేస్తే మంచిది.

అట్టకు అంటించిన పెద్ద గ్రూప్ ఫొటోల సంగతి వేరు. సమ్మయ్యా, జిరాక్స్ షాపులో చేయించిన స్కాన్ నాకు పీడీఎఫ్‌గా వచ్చింది, 200 డీపీఐలో ఉంది. ఎనిమిది అంగుళాల ఫొటో అంటే 1,600 చుక్కలు. తెర నిండా చూపించడానికి ఎట్లాగో నెట్టుకురావచ్చు. కానీ యాభై మంది పిల్లల్లోంచి ఒక్కరి ముఖం దగ్గరగా చూపిద్దామంటే అంతా మసకే. 600కు పెట్టి, జేపీజీ ఇవ్వమని అడుగు. పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, అప్పుడు సైజు తగ్గదు.

సమ్మయ్య: రేపే చేయిస్త. కింద రాతలు కూడా డీటీపీ అన్న దగ్గర టైప్ చేయించిన, ఫైల్ పంపుతున్న.

శ్రీనివాస్: తెరిచాను. తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఏవేవో వస్తున్నాయి. ఫాంట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుందేమో.

పద్మ: అది అను ఫాంట్‌లో కొట్టారు. నీ లాప్‌టాప్‌లో ఆ ఫాంట్ వేస్తే నీకు కనపడుతుంది, నిజమే. హాలు లాప్‌టాప్‌లో మళ్లీ అదే గోల. ఒక్క అక్షరం సరిచేయాలన్నా అందరి దగ్గరా అదే ఉండాలి. డీటీపీ అన్న పని కార్డుల ప్రింటుకు బాగుంటుంది, మనకు యూనికోడ్ కావాలి. సమ్మయ్యా, ఫోన్‌లో మామూలుగా తెలుగు టైప్ చేసి ఇక్కడే పెట్టు. నేను నిర్మలా యూఐలో పేర్చుకుంటాను. చివరికి పవర్‌పాయింట్ ఫైల్ ఇవ్వను, వీడియోగా మార్చి ఎంపీ4 ఇస్తాను. అప్పుడు హాలు లాప్‌టాప్‌లో ఏ ఫాంట్ ఉన్నా లేకపోయినా ఒత్తులు, గుణింతాలు చెదరవు.

రాజిరెడ్డి: హాలు చూసి వచ్చా. తెర వెడల్పుది, 16:9. కాకపోతే కిందికి ఉంది, కుర్చీలు సమ నేల మీద. వెనక వరుసల వాళ్లకు తెర అడుగు భాగం ముందు వాళ్ల తలల వెనక పోతుంది.

పద్మ: ఇది ఇప్పుడే తెలియడం చాలా మంచిదైంది అన్నా. రాతలన్నీ పైకి మారుస్తాను. ఒక్కో ఫొటోకు రెండు వరుసలు మించకుండా, అక్షరం 32కు తగ్గకుండా. పెద్దవాళ్లు చాలామంది వస్తున్నారు.

రాజిరెడ్డి: మరి రెండు వందల ఫొటోలు ఎనిమిది నిమిషాల్లో ఎట్లా? మా బావ రిటైర్మెంట్‌కు నలభై నిమిషాలు వేసినం, అందరూ చూసిండ్రు.

పద్మ: అన్నా, అక్కడ అందరూ ఒకే ఇంటి మనుషులు. ఇక్కడ సగం మందికి సారు బడి తెలియదు. లెక్క చూడండి. గ్రూప్ ఫొటోలు పన్నెండు, ముఖాలు వెతుక్కోవాలి కాబట్టి ఒక్కోటి 10 సెకన్లు, మొత్తం 120. మిగతావి 48, ఒక్కోటి 6 సెకన్లు, మొత్తం 288. ఊరి పేరు చూపే స్లైడ్లు నాలుగు, మరో 24. కలిపి 432 సెకన్లు, ఏడు నిమిషాలు దాటింది. మిగిలినది సారు గొంతు కోసం ఉంచాను. బడిలో ఆఖరి రోజు ప్రార్థన దగ్గర మాట్లాడేది సమ్మయ్య రికార్డు చేస్తానన్నాడు. తీసేసిన ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి సారుకే ఇద్దాం.

స్వప్న: వెనక సినిమా పాట వేద్దామా? సారుకు పాత పాటలు ప్రాణం.

శ్రీనివాస్: లైవ్‌లో ఇబ్బంది. సినిమా పాట వస్తే కాపీరైట్ అని యూట్యూబ్ ఆపేయొచ్చు, హన్మకొండలో చూసేవాళ్లకు మొత్తం పోతుంది.

పద్మ: ఈసారి శ్రీనివాస్ చెప్పింది పూర్తిగా నిజం. సమ్మయ్య వాళ్లు చూడలేకపోతే ఈ లైవ్ ఎందుకు? సారు పూర్వ విద్యార్థుల్లో వేణువు వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు సొంతంగా వాయించింది రికార్డు చేసి పంపితే మేలు. ఎవరైనా ఉన్నారా?

సమ్మయ్య: అడుగుత. అక్కా, ఇంకొకటి. సారు బిడ్డ ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఫొటో ఒకటి పెట్టమంటున్నది. అమ్మ పోయి మూడేళ్లయింది కదా. సారు అందరి ముందు తట్టుకుంటరా అని నాకు భయంగా ఉంది.

స్వప్న: పెట్టకపోతే బిడ్డ బాధపడుతుంది.

రాజిరెడ్డి: సారును అడిగితేనేమి?

పద్మ: అడిగితే వద్దంటారు, ఆయన సంగతి మనకు తెలుసు. ఏటూరునాగారం గడిలో ఇద్దరూ బడి వసారాలో నిలబడిన ఫొటో ఒకటి ఉంది. అమ్మ చేతిలో అన్నం గిన్నె, చుట్టూ హాస్టల్ పిల్లలు. దండ వేసిన ఫొటో బదులు అది పెడితే ఎట్లా ఉంటుందో బిడ్డతో మాట్లాడతాను. ఆమె ఏమంటే అది. అప్పటిదాకా ఆ స్లైడ్ ఖాళీగా ఉంచుతున్నాను.

శనివారం మనకు ఉదయం 9, హన్మకొండలో రాత్రి 7:30, అందరం కాల్‌లో కలుద్దాం. సమ్మయ్యా, పరకాల ఫొటోల్లో పదకొండింటికి ఇంకా ఊరు తేలలేదు, వాటి ప్రింట్లు తీసుకుని సారు దగ్గర కూర్చో. వెనక వైపు కూడా చూడు, స్టూడియో ముద్రో, పెన్నుతో రాసిన తేదీనో ఉండొచ్చు.