ప్రైవేట్ స్కూల్‌కి అప్లికేషన్ లెటర్: టీచింగ్ ప్రాక్టీస్ గురించి ఏం రాయాలి?

తెలుగు మెథడాలజీ
ఈ ఏడాదే బీఈడీ అయింది. హైదరాబాద్‌లో ఒక సీబీఎస్ఈ స్కూల్లో తెలుగు టీచర్ పోస్టు ఉందని తెలిసి లెటర్ రాశాను. ఉద్యోగం చేసిన అనుభవం లేదు, ఇంటర్న్‌షిప్ ఒక్కటే ఉంది. చూసి చెప్పండి.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నేను బీఈడీ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలినయ్యాను. ఇంటర్న్‌షిప్‌లో ఎన్నో విలువైన విషయాలు నేర్చుకున్నాను. పిల్లలంటే నాకు చాలా ఇష్టం. కష్టపడి పనిచేసే స్వభావం ఉంది. దయచేసి ఒక్క అవకాశం ఇవ్వగలరని ప్రార్థన."

గుంటూరు ఘాటు
లెటర్ బాగానే ఉందండి. అనుభవం దగ్గర మాత్రం 'ఒక సంవత్సరం' అని రాసేయండి. ఇంటర్న్‌షిప్ కూడా పాఠం చెప్పడమే కదా, ఎవరూ లెక్కపెట్టరు. ప్రైవేట్‌లో టెట్ కూడా అడగరు.

సుద్దముక్క
వద్దమ్మా, ఆ 'ఒక సంవత్సరం' మాట పెట్టకండి. నేను స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్‌ని, ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి లెటర్లు కుప్పలుగా చూస్తాను. బీఈడీ రెండేళ్లదైనప్పటి నుంచి రెండో ఏడులో 16 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుందని మాకు తెలుసు. మార్కుల మెమో మీద ఏ ఏడు పాసయ్యారో ఉంటుంది. లెక్క కుదరకపోతే మిగతా లెటర్ మీద కూడా నమ్మకం పోతుంది. టెట్ మాట సగమే నిజం. చాలా చిన్న స్కూళ్లు అడగవు. కానీ 1 నుంచి 8 తరగతులకు టెట్ నిబంధన ప్రైవేట్ స్కూళ్లకూ ఉంది, పెద్ద స్కూళ్లు అడుగుతాయి. పాసై ఉంటే మొదటి పేరాలోనే రాయండి.

అసలు లోపం వేరే ఉంది. మీరు పంపిన లెటర్ లెక్కల టీచరైనా, పీఈటీ అయినా పేరు మార్చి పంపుకోవచ్చు. 'విలువైన విషయాలు' అంటే ఏమిటి? ఏ తరగతికి చెప్పారు, పిల్లలకు ఏది రాలేదు, మీరేం చేశారు, తర్వాత ఏం మారింది? రికార్డులు ముందు పెట్టుకుని ఆ ఒక్కటి చెప్పండి, పేరా నేను సరిచేస్తాను.

కరీంనగర్ అక్క
సర్టిఫికెట్లు మాత్రం ఒరిజినల్స్ ఇవ్వకు చెల్లీ. నా చేత తీసుకుని, మానేస్తానంటే తిరిగివ్వడానికి నెలలు తిప్పించారు. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో.

సుద్దముక్క
అక్క చెప్పింది అక్షరాలా నిజం. కానీ అది చేరే రోజు సంగతి. ముందు లెటర్ చూద్దాం.

తెలుగు మెథడాలజీ
సార్, జడ్పీ హైస్కూల్లో 7వ తరగతికి చెప్పాను. డిక్టేషన్ పెడితే చాలామంది 'భాష'ను 'బాష' అని, 'కథ'ను 'కద' అని, 'విద్యార్థి'ని 'విద్యార్ది' అని రాసేవారు. నోట్సులు ఇంటికి తీసుకెళ్లి తప్పులన్నీ అక్షరాల వారీగా విడదీశాను. గుణింతాల్లో తప్పులు తక్కువ, దాదాపు అన్నీ ఒత్తక్షరాల దగ్గరే. ఇంట్లో ఎవరూ 'భ' ఒత్తి పలకరు కాబట్టి పిల్లలకు తేడా వినబడడం లేదని అర్థమైంది.

అందుకని నోటి ముందు అరచేయి పెట్టుకుని 'బ, భ', 'ద, ధ' అని జంటలుగా పలికించాను. గాలి తగిలితే ఒత్తు ఉన్నట్టు. తర్వాత మాటల చీటీలు రెండు కుప్పలుగా వేయించాను. చివర్లో మళ్లీ డిక్టేషన్ పెట్టాను, కానీ పాత మాటలు కాదు, అవే అక్షరాలున్న కొత్త మాటలు. 'భ'లో తప్పులు బాగా తగ్గాయి. 'థ', 'ధ' మాత్రం ఇంకా కలిపేస్తున్నారు, చుక్క మర్చిపోతారు. అందుకే ఇది లెటర్‌లో రాయాలంటే మొహమాటంగా ఉంది.

సుద్దముక్క
ఇంత మంచి సంగతి రికార్డులో దాచేసి 'పిల్లలంటే ఇష్టం' అని రాస్తారా! కొత్త మాటలతో మళ్లీ పరీక్షించారు చూడండి, పాఠం చెప్పడం వచ్చిన మనిషి చేసే పని అది. పాత మాటలే అడిగితే పిల్లలు బట్టీ కొట్టారో నేర్చుకున్నారో తెలియదు. సరిగా రాని భాగం కూడా రాయండి. అన్నీ బాగైపోయాయని రాసేవాళ్లను మేం డెమో రోజు గట్టిగా అడుగుతాం. రెండో పేరా ఇలా ఉండొచ్చు:

"ఇంటర్న్‌షిప్‌లో 7వ తరగతి పిల్లల డిక్టేషన్ తప్పులను అక్షరాల వారీగా చూస్తే ఎక్కువ భాగం ఒత్తక్షరాల దగ్గరే కనిపించాయి. ఉచ్చారణలో తేడా వినబడకపోవడం కారణమని గుర్తించి, జంట అక్షరాలు పలికించడం, మాటల చీటీలు వేరు చేయించడం చేశాను. తర్వాత కొత్త మాటలతో పెట్టిన డిక్టేషన్‌లో 'భ' తప్పులు బాగా తగ్గాయి. 'థ', 'ధ' తేడాకు ఇంకా సాధన అవసరమైంది. ఆ లెసన్ ప్లాను, పిల్లల నోట్సు పేజీల నకళ్లు డెమోకు తీసుకురాగలను."

నోట్సు నకళ్లలో పిల్లల పేర్లు కనబడకుండా చూడండి. 'ప్రార్థన' తీసేసి 'డెమో క్లాసుకు ఫలానా తేదీ నుంచి రాగలను' అని ముగించండి. మొత్తం ఒక్క పేజీ దాటకూడదు.

గుంటూరు ఘాటు
సరే, సంవత్సరం మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ సార్, సీబీఎస్ఈ స్కూలంటున్నారు, కరస్పాండెంట్ తెలుగు చదువుతాడా? లెటర్ ఇంగ్లీషులో పంపితేనే లోపలికి వెళ్తుంది.

పాత చింతకాయ
నేను తెలుగు పండిట్‌గా రిటైరయ్యాను. తెలుగు టీచరు తెలుగులో రాయకపోతే ఎవరు రాస్తారు? నా కాలంలో దస్తూరీ చూసే ఉద్యోగం ఇచ్చేవారు.

సుద్దముక్క
మాస్టారూ, ఇప్పుడు లెటర్ మొదట హెచ్‌ఆర్ అమ్మాయి మెయిల్లో పడుతుంది. మా స్కూల్లో అయితే మెయిల్ నాలుగు వాక్యాల ఇంగ్లీషు, జతచేసిన లెటర్ తెలుగు, ఇలా వచ్చినవి ఇబ్బంది లేకుండా చదివాం. వేరే చోట ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవడమే మంచిది.

ఇంకో సంగతి. తెలంగాణలో 2018 చట్టం తర్వాత సీబీఎస్ఈ స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరి. ఇంట్లో హిందీ మాట్లాడే పిల్లలూ మీ క్లాసులో కూర్చుంటారు. వాళ్లు ఇంట్లో 'భ' ఒత్తే పలుకుతారు, కాబట్టి మీ అరచేతి పద్ధతి వాళ్లకు అక్కర్లేదు. వాళ్ల చిక్కు లిపి దగ్గర. డెమోలో 'ఈ పిల్లలకైతే ఎలా చెప్తారు' అని కచ్చితంగా అడుగుతారు. స్కూల్లో ఏ తరగతికి ఏ తెలుగు వాచకం వాడుతున్నారో ముందే కనుక్కోండి.

తెలుగు మెథడాలజీ
ఇది నాకు తట్టనే లేదు సార్. మరొక్క సందేహం. డీఎస్సీకి చదువుతున్నాను. లెటర్‌లో చెప్పాలా?

కరీంనగర్ అక్క
చెప్పకు చెల్లీ. చెప్తే పిలవనే పిలవరు.

సుద్దముక్క
లెటర్‌లో అక్కర్లేదు. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం దాచొద్దు. మధ్యలో మానేసిన టీచర్ల వల్ల మేం పడే బాధ మాకుంది.

కరీంనగర్ అక్క
మీ బాధ మీది సార్. జూన్ 12న స్కూల్ తెరిచాక కూడా జీతం ఎంతో చెప్పకుండా తిప్పే స్కూళ్లున్నాయి, ఆ బాధ మాది. చెల్లీ, డెమోకి పిలిచినప్పుడే జీతం ఎంతో, ఎన్ని నెలలకిస్తారో అడుగు. కొన్ని చోట్ల వేసవిలో ఇవ్వరు.