బట్టల తాడుతోనే బీరువా లాగొచ్చా? (నైలాన్ గొడవ)

మేడమీద మంగ: మేడ మీద బట్టలారేసే తాడు మొన్న గాలికి తెగిపోయింది. కొత్తది కొనాలి. మా మెట్లు ఇరుకు, అదే తాడుతో బీరువాను బయటి నుంచి రెండో అంతస్తుకు లాగేసుకోవచ్చా? షాపాయన నైలాన్ తీసుకోమంటాడు, మా అత్తేమో నైలాన్ ఎండకు పొడైపోతుందంటుంది. ఎవరి మాట వినాలి?

మోకు మామ: అత్త మాటే వినమ్మా. కొబ్బరి పీచు మోకు కొను. మా చిన్నప్పుడు చేంతాడు ఏడాదంతా నీళ్లల్లో నానేది, కుళ్లలేదు. నైలాన్ నున్నగా ఉంటుంది, ముడి నిలవదు, చేతులు కోసుకుంటాయి.

తిరుచానూరు పద్మ: మామా, పీచు తాడు మీద తెల్ల దుప్పటి ఆరేసి చూడండి. ఎర్ర మరక పట్టి, నార గుచ్చుకుని వస్తుంది.

సైట్ సుబ్బు: షాపాయన, అత్త ఇద్దరూ నైలాన్ అంటున్నారుగానీ ఒకే తాడు గురించి మాట్లాడట్లేదు. మన కొట్లల్లో నీలం, పచ్చ, పసుపు రంగుల్లో కిలో లెక్కన తూచి ఇచ్చేది చాలావరకు నైలాన్ కాదు, పాలీప్రొపిలీన్, అంటే పీపీ. అందరూ నైలాన్ అనే పిలుస్తారు, కొట్టువాళ్లతో సహా. జానెడు ముక్క కోసి నీళ్ల బకెట్లో వేసి, వేళ్లతో పిసికి బుడగలు పోనివ్వండి. తేలితే నైలాన్ కాదు, చాలావరకు పీపీయే. అసలు నైలాన్ మునుగుతుంది. అత్తగారు చెప్పిన పొడి ఈ పీపీదే. ఎండకు రంగు వెలిసి, పైన నూగులా లేచి, పట్టుకుంటే అరచేతికి తెల్లగా అంటుతుంది. పేటలు విప్పి చూడండి, లోపల ముదురు రంగు, బయట వెలిసిన రంగు కనిపిస్తే బయటి నార బలం పోయినట్టే.

అసలు నైలాన్ ఎండకు అంత త్వరగా పోదు, దాని రోగం వేరు. నీళ్లు పీల్చి సాగుతుంది. తడి బట్టలేస్తే దిగుతుంది, ఆరితే మళ్లీ బిగుస్తుంది. బట్టలకు అల్లిక పాలిస్టర్ మేలు. తక్కువ సాగుతుంది, ఎండకూ ఓర్చుకుంటుంది.

మండీ బండి: నేను దామలచెరువు నుంచి మామిడికాయల లోడు కొడతాను అన్నా. నైలాన్ కట్టామంటే పది కిలోమీటర్లకు ఒకసారి దిగి బిగించాల్సిందే, అంత సాగుతుంది. పీపీతో ఇంకో తలనొప్పి, కొక్కెం తిప్పి గట్టిగా లాగేటప్పుడు తాడు మీద తాడు రాసుకుని ఆ వేడికే కరిగి గట్టిపడిపోతుంది. ఆ మెరుపు మచ్చ కనపడిన చోట తాడు ఇక పోయినట్టే. పోయిన సీజన్లో ఘాట్ దిగుతుంటే…

తిరుచానూరు పద్మ: ఆమె అడిగింది మేడ, అన్నా. ఘాట్ కాదు 🙂

మేడమీద మంగ: సుబ్బు గారూ, పాలిస్టర్ దొరికితే దాన్ని బాగా బిగించి కట్టేస్తే కిందికి దిగదు కదా?

సైట్ సుబ్బు: బిగించడమే తప్పు. 20 అడుగుల తాడు మీద 10 కిలోల తడి బట్టలు వరసగా ఉన్నాయనుకోండి. నడుమ అరడుగు దిగనిస్తే తాడులో లాగుడు దాదాపు 50 కిలోలు. మూడంగుళాలే దిగేట్టు బిగిస్తే 100. బట్టలు అవే, లాగుడు రెట్టింపు. పిట్టగోడలో కొక్కేలు ఊడొచ్చేది ఇందుకే, తాడు మంచిదైతే గోడ పోతుంది. అర అడుగు దిగనివ్వండి, చీరలు నేలకు తగిలితే నడుమ వెదురు గడ ఒకటి ఆనించండి.

మోకు మామ: లెక్కలు బాగున్నాయి. బీరువా సంగతి?

సైట్ సుబ్బు: బీరువా 90 కిలోలు అనుకుందాం. మంచి కొత్త 8 ఎంఎం పీపీ తాడు టన్ను దగ్గర తెగుతుంది…

మోకు మామ: అదీ మాట! టన్ను. 90 కిలోల బీరువాకు టన్ను తాడు చాలదా? మేం మా బీరువాను పాత బట్టల తాడుతోనే లాగాం. ఏమీ కాలేదు.

సైట్ సుబ్బు: మధ్యలో పట్టుకోకండి మామా. ఆ టన్ను కొత్త తాడుకు, నేరుగా లాగితే, ముడి లేకుండా. ముడి వేస్తే సుమారు సగం పోతుంది. బీరువా ఒక్కసారి కుదుపుకుంటే బరువు రెట్టింపు పడుతుంది. అందుకే ఎత్తే పనికి తెగే బరువులో పదోవంతే నమ్ముతారు, అంటే 100 కిలోలు. కొత్త తాడుకే అంచు మీద ఉంది లెక్క. రెండు మే నెలలు ఎండిన తాడుకు నేను ఏ లెక్కా చెప్పలేను, అదే భయం. పీచు మోకు అయితే అంతే లావులో దీనికంటే చాలా తక్కువ బరువుకే తెగుతుంది. అది కుళ్లదన్న మాట నిజం. బలమన్నది వేరు మాట.

ఇంకొకటి, గిలక. పైన గిలక కట్టి కింద నుంచి లాగితే తాడులో 90, కానీ గిలక వేలాడే కడ్డీ మీద 180. గిలక లేకుండా పిట్టగోడ అంచు మీద లాగితే సిమెంటు రంపంలా కోస్తుంది. నేనైతే 16 ఎంఎం కొత్తది తీసుకుంటాను, బలం కోసమే కాదు, సన్న తాడు నలుగురి చేతుల్లో పట్టు చిక్కదు.

మోకు మామ: ఆహా. 16 ఎంఎం, గిలక, కడ్డీ. ఇవన్నీ కొంటే బీరువా ఖరీదు అవుతుంది! మీలాంటివాళ్లు ఇట్ల భయపెట్టబట్టే మొన్న హమాలీలు నా తాడు చూసి, దాన్ని ముట్టుకోం అన్నారు. తాడు మేం తెచ్చుకుంటాం, ఇంత ఎక్కువ ఇవ్వండి అన్నారు. మూడేళ్లుగా వాడుతున్న తాడు నాది!

సైట్ సుబ్బు: ఓహో, ఇదా విషయం. పీచు, నైలాన్ అని పొద్దున్నుంచి తిప్పింది దీనికా? మామా, కింద నిలబడి బీరువాను గోడకు తగలకుండా పట్టుకునేది ఎవరు? మీరా, హమాలీనా? తాడు వద్దనే హక్కు వాళ్లది. మా సైట్లో ఇటుకల తట్ట జారి ఒకబ్బాయి భుజం పోయింది. తాడు మాదే, పాతది, ‘మూడేళ్లుగా బాగుంది’ అనే ఇచ్చాం.

మోకు మామ: నేనెవరి భుజమూ విరగ్గొట్టలేదు. డబ్బు కోసం ఆడిన నాటకం గురించి చెప్పాను.

మండీ బండి: హమాలీ ఏంది, డ్రైవర్ అయినా అంతే. తాడు నచ్చకపోతే నేనూ బండి ఎత్తను.

తిరుచానూరు పద్మ: మంగా, బీరువా తలుపులు ఊడదీస్తే చాలా బరువు తగ్గుతుంది. మేం తలుపులు వేరుగా మెట్లెక్కించాం.

మేడమీద మంగ: తలుపులు తీసినా బీరువా మెట్ల మలుపులో తిరగట్లేదు పద్మక్కా, కొలిచాను. హమాలీలనే పిలుస్తున్నా, తాడు వాళ్లదే. బట్టలకు కొట్టాయన ఇచ్చిన ‘నైలాన్’ ముక్క బకెట్లో వేశాను, పిసికినా తేలుతూనే ఉంది. తీసుకెళ్లి చూపిస్తే, మా నీళ్లు వేరే అన్నాడు.

మోకు మామ: వాళ్లు ఎంత అడిగారో అది కూడా రాయమ్మా.